ఈఐఏ సారాంశంలో ఫిల్టర్ ఆగితే ఏమవుతుందో రాయాలా, వద్దా?

రెండుపేజీలు:
మా ఇళ్లకు కిలోమీటరున్నర దూరంలో ఫ్యాక్టరీ పెడతామంటున్నారు. నాలుగు వందల పేజీల పర్యావరణ ప్రభావ నివేదిక చదివి, అందరికీ అర్థమయ్యేలా రెండు పేజీల సారాంశం రాసే పని నాకు అప్పగించారు. బాయిలర్ దుమ్ము దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు మా గాలిలో పీఎం10 అనే సన్న దుమ్ము రోజు సగటు ఘనపు మీటరుకు 78 మైక్రోగ్రాములట. ఫ్యాక్టరీ వల్ల మా దగ్గర మహా అయితే ఇంకో 3 కలుస్తుందట. మొత్తం 81, పరిమితి 100, పొగలోని దుమ్మును గుడ్డ సంచులతో పట్టే బ్యాగ్ ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదని ముగించారు. నేనూ అంతే రాయాలా, ఫిల్టర్ పనిచేయకపోతే ఏమవుతుందో కూడా రాయాలా? కమిటీలో సగం మంది రాయమంటున్నారు, సగం మంది జనానికి టెన్షన్ పెట్టొద్దంటున్నారు.

నిదానం:
ఉన్నది ఉన్నట్టు రాయండి. నివేదికలో లేనిది కలిపితే అది సారాంశం కాదు, మీ అభిప్రాయం అవుతుంది. 78 ఉన్న చోట 3 కలవడం పెద్ద విషయం కాదు, మామూలు రోజుల మధ్యే అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. ఫిల్టర్ ఒక గంట ఆగినా ఇరవై నాలుగు గంటల సగటులో అది కలిసిపోతుంది. పిల్లలున్న ఇళ్లకు ‘ఫిల్టర్ ఆగితే’ అని రాసిన కాగితం పంచితే రాత్రి నిద్రపోతారా?

పొగగొట్టం:
నేను ఇరవై ఏళ్లకు పైగా బాయిలర్ల దగ్గర, అందులోనూ ఎక్కువకాలం దుమ్ము పట్టే విభాగంలో పనిచేశాను. జవాబు చెప్పే ముందు ఒకటి కావాలి. నివేదికలో ఎక్కడో ఫిల్టర్‌లోకి వచ్చే గాలిలో దుమ్ము ఎంత, బయటికి పోయే గాలిలో ఎంత అని ఉంటుంది. ఆ రెండు అంకెలు చూసి చెప్పండి.

రెండుపేజీలు:
దొరికాయి. లోపలికి ఘనపు మీటరుకు 15 గ్రాములు, బయటికి 30 మిల్లీగ్రాములు. పక్కనే సామర్థ్యం 99.8 శాతం అని ఉంది.

పొగగొట్టం:
15 గ్రాములంటే 15,000 మిల్లీగ్రాములు. అందులో 30 బయటికొస్తుంది, అంటే 500లో ఒక వంతు. నివేదిక చెప్పే ఆ 3 మైక్రోగ్రాములు ఈ 500లో ఒక వంతు మీద వేసిన లెక్క. ఫిల్టర్ ప్రతి గంటా అలాగే పనిచేస్తుందని అనుకుని వేసిందన్నమాట.

ఇప్పుడు రెండు రకాల లోపాలు చూడండి. మొదటిది, కొన్ని సంచులు చిరిగి దుమ్ము అయిదు రెట్లు పెరిగిందనుకుందాం. మీ దగ్గర 3 బదులు 15 అవుతుంది. రోజంతా అలాగే నడిచినా 78కి 15 కలిపితే 93, పరిమితి దాటదు. ఈ విషయంలో నిదానం గారు చెప్పింది చాలావరకు నిజమే.

రెండోది బైపాస్. చాలా బ్యాగ్ ఫిల్టర్లకు పక్కనుంచి ఇంకో దారి ఉంటుంది, దానికొక డ్యాంపర్ తలుపు. సంచులు గుడ్డవి. గుడ్డ రకాన్ని బట్టి సుమారు 130 నుంచి 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. పొగ అంతకన్నా వేడెక్కితే సంచులు కాలిపోకుండా ఆ తలుపు తీస్తారు, అప్పుడు పొగ ఫిల్టర్‌ని తాకకుండా నేరుగా గొట్టంలోకి పోతుంది. ఆ గంటలో దుమ్ము 500 రెట్లు, అంటే 3 బదులు 1500. మిగతా ఇరవై మూడు గంటలు మామూలుగా నడిచినా ఫ్యాక్టరీ వల్ల కలిసేది రోజు సగటున 3 బదులు 65 దాకా అవుతుంది. 78కి 65 కలిపితే 143. ఒక్క గంటకే పరిమితి దాటింది.

ఇది ముతక లెక్క. ఆ గంటలో గాలి మీ వైపు వీయకపోతే మీకేమీ రాదు, సూటిగా వీస్తే ఇంకా ఎక్కువే రావచ్చు. కానీ ఏ లోపం చిన్నది, ఏది పెద్దది అన్నది తెలుస్తుంది. నా మాటైతే సారాంశంలో రాయాల్సిందే.

నిదానం:
ఒక తేడా ఉందండీ. బాయిలర్ వెలిగించేటప్పుడు కదా బైపాస్ వాడేది? అప్పుడు నూనెతో, తక్కువ లోడ్ మీద నడుస్తుంది. 15 గ్రాములు రావు. 143 అని రాస్తే అది అబద్ధమే అవుతుంది.

పొగగొట్టం:
వెలిగించేటప్పటి విషయంలో మీ మాట సరైనదే, అప్పటికి ఆ అంకె వాడకూడదు. నూనె జిడ్డు, తేమ సంచులకు అంటకుండా అప్పుడు కూడా బైపాస్ తీస్తారు, దుమ్ము మాత్రం తక్కువే. నేను చెప్పింది పూర్తి లోడ్ మీద నడుస్తుండగా వేడి పెరిగినప్పుడో, సంచులు పూడుకుపోయి ఒత్తిడి పెరిగినప్పుడో తీసే బైపాస్ గురించి. అప్పుడు చేయాల్సింది బొగ్గు ఆపడం. ఉత్పత్తి ఆగుతుందని తలుపు తెరిచి నడిపిస్తే వచ్చే అంకె అది. అసలు ఆ డిజైన్‌లో బైపాస్ ఉందో లేదో ముందు చూడాలి. లేకపోతే నా లెక్క మొత్తం తీసేయండి.

బావిగట్టు:
ఫిల్టర్ అంటే నీళ్లు శుభ్రం చేసేదే కదా? మా పొలం దగ్గర ఒక ఫ్యాక్టరీ వచ్చినప్పుడు చుక్క మురుగు కూడా బయటికి రాదని రాశారు. మూడో ఏటికి మా బావి నీళ్లు ఉప్పగా అయ్యాయి. పప్పు ఉడకడం మానేసింది, బిందె అడుగున తెల్లగా పొర కట్టేది. అడిగితే శుద్ధి ప్లాంటు బాగానే నడుస్తోందన్నారు. నిజంగానే నడుస్తోంది! తర్వాత తెలిసింది, నీళ్లు మరిగించి తీసిన ఉప్పు మడ్డిని బయట కుప్ప పోశారట, వాన పడినప్పుడు కరిగి భూమిలోకి దిగింది. మీరు కూడా ముందే బావి నీళ్లు పరీక్ష చేయించుకోండి.

పొగగొట్టం:
ఇక్కడ మాట్లాడుతున్నది పొగలోని దుమ్ము పట్టే గుడ్డ సంచుల గురించండీ. అయినా మీరు చెప్పింది ఈ చర్చకు బాగా పనికొస్తుంది. ఏదైనా బయటికి రాకుండా పట్టుకుంటామని రాసినప్పుడు, పట్టుకున్నదాన్ని ఎక్కడ పెడతారో కూడా వెతకాలి. ఈ బాయిలర్‌లో అది బూడిద. ఫిల్టర్ కింద తొట్టిలో నిండిన బూడిదను తడిపి తీస్తారా, పొడిగా లారీలో పోస్తారా, పైన పట్టా కప్పుతారా? ఇళ్ల మీద పడేది చాలాసార్లు గొట్టం నుంచి వచ్చింది కాదు, ఈ లారీ దారిలో లేచింది.

కామా_పుల్‌స్టాప్:
నేను ఇలాంటి నివేదికల తెలుగు సారాంశాలు సరిచూసే పని చేశాను. వాక్యాలు చివరిదాకా చదవండి. ‘ఏర్పాటు చేస్తాము’ వేరు, ‘అవసరమైతే పరిశీలిస్తాము’ వేరు. సారాంశంలోకి వచ్చేసరికి రెండూ ‘ఏర్పాటు ఉంటుంది’ అయిపోతాయి. నాకు చాలా బాధ కలిగించేది ఇదే. చదివేవాళ్లు ఆ మాట నమ్మి సంతకం పెడతారు. ప్రతి హామీనీ నివేదికలో ఉన్న క్రియతోనే, పేజీ నంబరుతో సహా ఎత్తి రాయండి.

143 విషయంలో నేను నిదానం గారి వైపే ఉన్నాను, కారణం మాత్రం వేరు. అది మీ అంకె, వాళ్లది కాదు. నివేదిక అంకెల మధ్యలో పెడితే, ఒక్క తప్పు పట్టుకుని కాగితం మొత్తాన్ని కొట్టిపారేస్తారు. ‘బైపాస్ ఉందా? ఎప్పుడు తెరుస్తారు? తెరిచిన రోజు మా దగ్గర ఎంత ఉంటుంది?’ అని ప్రశ్నలుగా రాయండి. లెక్క వాళ్లే వేసి చూపించాలి.

ఇంకోటి, 100 ఎక్కడి పరిమితో కూడా రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం10 రోజు సగటుకు సూచించిన విలువ 45. మీ దగ్గర ఇప్పుడున్న 78 దాన్ని ఎప్పుడో దాటేసింది. ‘పరిమితిలోపే’ అనే ఒక్క మాటతో ఈ సంగతి కనిపించకుండా పోతుంది.

నిదానం:
45 మాట నాకు తెలియదు. అది రాయాలి, ఒప్పుకుంటాను. కానీ అదే లెక్కన ఫ్యాక్టరీ రాకముందే మన గాలి బాగాలేదన్నమాట. ఆ తప్పు ఫ్యాక్టరీ మీద వేయకూడదు కదా?

కామా_పుల్‌స్టాప్:
వేయకూడదు. ఇప్పటికే నిండిన గిన్నెలో ఇంకెంత పోయొచ్చన్నదే ప్రశ్న. ఆ 78 ఏ నెలల్లో కొలిచారో కూడా చూడండి. వానాకాలంలో కొలిస్తే దుమ్ము తక్కువ కనిపిస్తుంది.

రెండుపేజీలు:
మళ్లీ చదివాను. కొలిచింది ఒకే కాలంలో, మూడు నెలలు, అందులో రెండు వాన నెలలు. ఫిల్టర్ బొమ్మ అనుబంధంలో ఉంది, పక్కనుంచి ఒక గీత, దాని మీద చిన్న తలుపు గుర్తు. మామూలు పేజీల్లో బైపాస్ అనే మాటే లేదు. దాన్ని ఎప్పుడు తెరుస్తారో, తెరిస్తే బాయిలర్ ఆపుతారో లేదో ఎక్కడా రాయలేదు. పొగగొట్టం గారూ, ఇంట్లో ఉన్నవాళ్లకు అది తెరిచిన సంగతి తెలిసే దారి ఏదైనా ఉందా?

పొగగొట్టం:
కొంతవరకు ఉంది. గొట్టం నోటిని చూడండి. నీటి ఆవిరైతే నోటికి కాస్త పైన తెల్లగా మొదలై, కొంత దూరం పోయాక మాయమవుతుంది. దుమ్మైతే నోటి దగ్గరే బూడిదరంగులో మొదలై, తోకలా సాగి చాలాదూరం పలచగా కనిపిస్తూనే ఉంటుంది. సంచి కాస్త చిరిగితే సాధారణంగా ఎడతెగకుండా రాదు. సంచులను గాలితో దులిపినప్పుడల్లా ఒక్కో బుస్సుమని వస్తుంది, నిమిషానికోసారో రెండు నిమిషాలకోసారో. రాత్రిపూట మాత్రం ఇవేవీ కనపడవు, అందుకే కంటిని నమ్ముకోకూడదు.

మీరు అడగాల్సిన హామీ ఒకటుంది. బైపాస్ తలుపు తెరుచుకున్న వెంటనే బొగ్గు వేయడం దానంతటదే ఆగిపోయేలా ఇంటర్‌లాక్ పెట్టాలి. తెరిచిన ప్రతిసారీ సమయం నమోదు కావాలి, ఆ రికార్డు మీకు చూపించాలి. దాన్ని హామీల్లో చేర్చమని రాతపూర్వకంగా అడగండి. పెట్టడం సాంకేతికంగా కష్టమేమీ కాదు.

బావిగట్టు:
రికార్డు వాళ్లే రాసుకుని వాళ్లే చూపిస్తే ఏం లాభం? మా దగ్గర కూడా రికార్డు ఉండేది, అన్నీ సరిగ్గానే ఉండేవి.

పొగగొట్టం:
దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదండీ. యంత్రమే నమోదు చేసి అప్పటికప్పుడు బయటికి పంపేది చేత్తో రాసే పుస్తకం కన్నా నయం. అదీ ఆపేయొచ్చు, కాకపోతే ఆపిన ఖాళీ కనిపిస్తుంది.

రెండుపేజీలు:
ఈ రాత్రి ఇలా రాశాను. మొదటి పేజీలో నివేదిక అంకెలు, పేజీ నంబర్లతో. 78 కొలిచిన మూడు నెలల్లో రెండు వాన నెలలని, 100తో పాటు 45 కూడా. హామీలు వాళ్ల క్రియలతోనే. రెండో పేజీలో ‘నివేదికలో జవాబు దొరకనివి’ అని మూడే విషయాలు: బైపాస్, బూడిద లారీలు, రికార్డు ఎవరు చూస్తారన్నది. 143 పెట్టాలా వద్దా అన్నది రేపు కమిటీలో తేలుతుంది.

నిదానం:
143 తీసేయండి. ప్రశ్న ఒక్కటి చాలు.

పొగగొట్టం:
అంకె లేకపోతే ఆ ప్రశ్న ఎంత పెద్దదో చదివేవాళ్లకు తెలియదు. ఉంచితే ‘బైపాస్ ఉండి, పూర్తి లోడ్ మీద ఒక గంట తెరిస్తే, మా లెక్కన’ అని ముందే రాయండి.