“ఇంకో వారం పట్టేలా ఉంది” అన్న మెసేజ్‌ని క్లయింట్‌కి ఎలా రాయాలి?

మా డెవలపర్ చాట్‌లో పెట్టిన మెసేజ్ ఇది: “పేమెంట్ టెస్ట్ కీలు లేటుగా వచ్చాయి, ఇంకో వారం పట్టేలా ఉంది.” దీన్ని క్లయింట్‌కి ఇలా రాశాను:

“పేమెంట్ పని 12న కాకుండా 19న పూర్తవుతుంది. టెస్ట్ కీలు 5 రోజులు ఆలస్యంగా రావడమే కారణం. మీ టెస్టింగ్ 22న మొదలవుతుంది. ఈలోగా లాగిన్, రిపోర్టుల టెస్టింగ్ 15 నుంచే మొదలుపెట్టవచ్చు.”

ఆ కీలు ఇవ్వాల్సింది క్లయింటే, అదే నా టెన్షన్. తప్పు వాళ్ల మీదకి నెట్టినట్టు కాకుండా కారణం ఎలా చెప్పాలి? పైగా 19 అనేది డెవలపర్ అంచనా మాత్రమే. మళ్లీ తప్పితే పరువు పోతుంది. ఒకే తేదీ ఇవ్వాలా, “19–23 మధ్య, 16న ఖరారు చేస్తాం” అనాలా? ఇలాంటివి రాసినవాళ్లు నా డ్రాఫ్ట్‌ని దిద్దిపెట్టగలరా?