ఒక దారి మూసేస్తే, అంతవరకూ చీకటిగా ఉన్న డిటెక్టర్ ఎందుకు మోగుతుంది?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని): అందరికీ నమస్కారం. మాఖ్–జెండర్ ఇంటర్‌ఫెరోమీటర్‌లో ఒంటరి ఫోటాన్ లెక్క చేస్తున్నాను. రెండు బీమ్ స్ప్లిటర్లూ సగం సగం పంచేవే, రెండు దారుల పొడవూ ఒకటే. పైదారి, కిందిదారి ఆంప్లిట్యూడ్లను ఒక వెక్టర్‌గా రాసి మాత్రికతో రెండుసార్లు గుణిస్తే, ఫోటాన్ ఎప్పుడూ D2 కే చేరుతోంది.

```
B = (1/√2) [ 1  i ]
           [ i  1 ]
B·B·(1, 0) = (0, i)
```

కిందిదారికి అడ్డుపెడితే D1 కూడా మోగుతుందని మా పాఠంలో ఉంది. వచ్చే కాంతిని తగ్గించాక, ముందు రానిచోటికి ఫోటాన్ ఎలా వస్తుంది? పైగా నా లెక్కలో D1, D2 లకు చెరి సగం వస్తోంది, పాఠంలో మాత్రం చెరి పావు అని ఉంది.

ఒక ఇంజనీరు: ఇది తేలికేనమ్మా. మొదటి స్ప్లిటర్ దగ్గర ఫోటాన్ ఏదో ఒక దారి పట్టుకుంటుంది. సగం సార్లు కిందికి వెళ్లి అడ్డుకు తగిలి పోతుంది, మిగిలిన సగం సార్లు పైనుంచి వచ్చి రెండో స్ప్లిటర్ దగ్గర మళ్లీ సగం సగం అవుతుంది. అందుకే చెరి పావు.

ఒక అధ్యాపకుడు: పై సమాధానంలో అంకెలు సరైనవే కానీ, కారణం నిలబడదు. ఫోటాన్ నిజంగా ఏదో ఒక దారినే పోతుందంటే, అడ్డు తీసేసినప్పుడు కూడా D1 సగం సార్లు మోగాలి. అది అసలు మోగదని మాత్రికే చెబుతోంది. D1 కి రెండు వైపుల నుంచీ ఆంప్లిట్యూడ్ వస్తుంది: పైదారిలో రెండుసార్లూ దాటి వచ్చేది +1/2, కిందిదారిలో రెండుసార్లూ పరావర్తనం చెంది వచ్చేది i·i/2, అంటే −1/2. ఈ రెండూ కలిసి సున్నా అవుతున్నాయి. అడ్డుపెట్టి −1/2 ని తీసేస్తే +1/2 ఒక్కటే మిగులుతుంది, దాని వర్గం పావు. అమ్మాయి అడిగినదానికి జవాబు ఇదే: D1 చీకటిగా ఉన్నది కాంతి రాక కాదు, వచ్చిన రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల.

ఇక చెరి సగం సంగతి. అడ్డు అనేది యూనిటరీ మాత్రిక కాదు, అది కింది ఆంప్లిట్యూడ్‌ను సున్నా చేసే ప్రొజెక్షన్. అది పనిచేశాక వెక్టర్ పొడవు వర్గం సగానికి పడిపోతుంది. మీరు దాన్ని మళ్లీ ఒకటికి సర్ది ఉంటారు. అలా వచ్చిన సగం సగం, అడ్డు మింగకుండా మిగిలిన ఫోటాన్ల వరకే వర్తిస్తుంది. అడ్డులో ఆగిన స్థితిని మూడో భాగంగా వెక్టర్‌లో చేర్చుకుంటే, లెక్క మొత్తం మళ్లీ యూనిటరీగానే సాగుతుంది.

ప్రయోగశాలలో పనిచేసే ఒకరు: మా అమరికలో చెరి పావు రావడం లేదు సార్. రెండు దారులూ తెరిచినప్పటి మొత్తాన్ని వందగా తీసుకుంటే, ఒక దారి మూసినప్పుడు D1 లో 20, D2 లో 30 వస్తున్నాయి. అడ్డుగా OD 2 ఫిల్టర్ పెట్టాం. స్ప్లిటరే చెడిపోయిందా?

అధ్యాపకుడు: స్ప్లిటర్‌ను అనుమానించే ముందు ఫిల్టర్‌ను చూడండి. OD 2 నుంచి నూటికి ఒక వంతు తీవ్రత దాటుతుంది, కాబట్టి ఆంప్లిట్యూడ్ పదో వంతు దాటుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

```
D1: ((1 − 0.1)/2)² = 0.2025
D2: ((1 + 0.1)/2)² = 0.3025
ఫిల్టర్‌లో ఆగేది: 0.5 × 0.99 = 0.495
```

మీ అంకెలు దాదాపు ఇవే. ఒక దారి పొడవును అద్దంతో మెల్లగా మార్చి చూడండి. ఫిల్టర్ నుంచి కారేదే కారణమైతే, D1 గణన 20 నుంచి 30 దాకా పెరిగి, మళ్లీ తగ్గుతూ ఊగుతుంది. పూర్తిగా మూసిన దారి పొడవు మార్చినా ఏ డిటెక్టరూ కదలకూడదు.

ఇంజనీరు: అయితే దారి పూర్తిగా మూసి ఉన్నప్పుడు D1 మోగితే, ఆ ఫోటాన్ పైదారినే వచ్చిందని అనవచ్చు కదా?

అధ్యాపకుడు: అలా అనేవారు ఉన్నారు, ఆ మాటకు అర్థమే లేదనేవారూ ఉన్నారు. మాత్రిక సంభావ్యతలను మాత్రమే ఇస్తుంది, ఈ తగువును తీర్చదు. ప్రయోగశాలవారికి ఇంకొక మాట: మీరు తగ్గించిన లేజర్ వాడుతుంటే, ఈ గణనలు ఒంటరి ఫోటాన్‌కు రుజువు కావు, మామూలు తరంగాల లెక్కా ఇవే అంకెలు ఇస్తుంది. 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే ముందుగా ఒక్క స్ప్లిటర్‌కు రెండు వైపులా డిటెక్టర్లు పెట్టి, రెండూ ఒకేసారి మోగడం ఎంతో అరుదని చూపించారు. ఆ తర్వాతే అదే మూలం నుంచి వచ్చిన ఫోటాన్లతో ఇంటర్‌ఫెరెన్స్ చూశారు.

ప్రయోగశాలలో పనిచేసే ఒకరు: ఫిల్టర్ తీసి నల్ల అట్ట పెట్టాం సార్. ఊగడం ఆగిపోయింది. కానీ D1 లో 24, D2 లో 26 దగ్గర నిలిచాయి.

అధ్యాపకుడు: ఆ మిగిలిన తేడా డిటెక్టర్ల సామర్థ్యంలోనైనా ఉండవచ్చు, రెండో స్ప్లిటర్ పంపకంలోనైనా ఉండవచ్చు. రెండు డిటెక్టర్లనూ అటుదిటు మార్చి చూడండి. ఎక్కువ గణన డిటెక్టర్‌తో పాటే వెళ్తే తేడా డిటెక్టర్లది, ఉన్న వైపే ఉండిపోతే స్ప్లిటర్‌ది.