జాకెట్టుకి వెనక మెడ లోతు 10 అంగుళాలు పెడితే భుజం తగ్గించాలా, వద్దా?

ప్రశ్న (నెల్లూరు కొత్త చెయ్యి): ఛాతీ 36, భుజం 14, పొడవు 14.5. వెనక మెడ 10 అంగుళాలు అడిగారు. తొడిగి చూస్తే రెండు భుజాలూ జారుతున్నాయి, ముందు చంక దగ్గర గుడ్డ లేచి నిలబడుతోంది. భుజం అర అంగుళం తగ్గించమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

కావలి మిషను: తగ్గించాల్సిందే. మెడ 7 అంగుళాల దాకా ఉంటే భుజం కొలత అట్టే ఉంచొచ్చు. 8, 9 అయితే పావు, 10, ఆపైన అయితే అర అంగుళం ఒక్కో పక్కా తీసేయాలి. పైన తాళ్ళు కూడా పెట్టండి, ఇక జారమన్నా జారదు.

ఒంగోలు కత్తెర: లెక్క సరే. కానీ ఆ అర అంగుళం ఏ వైపు నుంచి తియ్యాలో చెప్పకపోతే సగం మంది గుడ్డ పాడు చేసుకుంటారు.

ఈ ప్రశ్నలోని కొలతలే తీసుకుందాం. సగం భుజం 7. అందులో మెడ వెడల్పు 4, భుజం పట్టీ 3 అనుకోండి, కుట్లకు వదిలేది వేరే. చెయ్యి వైపు నుంచి అర అంగుళం కోస్తే మెడ 4 అట్టే ఉంటుంది, పట్టీ 2.5కి సన్నబడుతుంది. జారుడుకి కారణం మెడ వెడల్పు. దాన్ని ముట్టుకోకుండా పట్టీని సన్నం చేస్తే జారడం ఆగదు, పైగా లోపలి బ్రా పట్టీ బయటికి కనపడుతుంది.

పట్టీని పట్టీగానే లోపలికి జరపాలి. మెడ 3.5, పట్టీ 3. భుజం చివర రెండు పద్ధతుల్లోనూ 6.5 దగ్గరే వస్తుంది, కాబట్టి కాగితం మీద చూస్తే తేడా తెలియదు. ఒంటి మీద తెలుస్తుంది. మెడ లోతుగా ఉంటే రెండు భుజాలనూ వెనక కలిపి పట్టుకునే గుడ్డ ఉండదు. కింద మిగిలిన నాలుగున్నర అంగుళాల ముక్క ఒక్కటే పట్టు. పైన మెడ అంచులు రెండూ విడిపోతాయి. విడిపోయే ఆ కొలతనే మనం ముందుగా లోపలికి తీసుకుంటున్నాం.

ముందు ముక్కలో కూడా మెడ వెడల్పు 3.5 చెయ్యాలి, మర్చిపోవద్దు. లేకపోతే భుజం కుట్టు దగ్గర రెండు పట్టీలూ కలవవు. అక్కడ లాగి కలిపేస్తే ముందు మెడ ముడత పడుతుంది.

కందుకూరు సూది: మాస్టారూ, మా అత్తగారి జాకెట్టుకి వెనక మెడ 6 అంగుళాలే. అదీ జారుతోంది. దానికీ పట్టీ జరపాలా?

ఒంగోలు కత్తెర: అది వేరే జబ్బమ్మా. లోతు 6 అయితే మెడ కారణం కాకపోవచ్చు, ఆవిడ భుజాలు ఏటవాలుగా ఉన్నాయేమో చూడండి. మామూలుగా భుజం చివర అర అంగుళం దింపుతాం కదా, అట్టాంటి వాళ్ళకి ముప్పావు దింపాలి. అదనంగా ఎంత దింపితే చంక లోతు కూడా అంతే దించాలి, లేకపోతే చంక బిగుసుకుంటుంది. మెడ వెడల్పు కూడా కొలిచి చూడండి, 6 లోతుకీ 4 వెడల్పు పెట్టుంటే తప్పు అక్కడే.

కావలి మిషను: తాళ్ళ సంగతి ఏంది మరి? పదేళ్ళుగా తాళ్ళతోనే నిలబెడుతున్నాం.

ఒంగోలు కత్తెర: తాడు నిలబెడుతుంది, కాదనను. కానీ వెడల్పుగా కోసిన మెడని తాడుతో దగ్గరికి లాగితే, తాడు కుట్టిన చోటి నుంచి చంక దాకా ఏటవాలుగా ముడత పడుతుంది. వెంకటగిరి లాంటి పల్చటి కాటన్ అయితే ఆ చోట చిరుగుతుంది కూడా. కట్ సరిగ్గా ఉంటే తాడు మీద బరువు పడదు.

మెడ అంచు సంగతి ఒకటి చెప్పాలి. గుండ్రం తిరిగే చోట గుడ్డ క్రాస్‌లో ఉంటుంది, కుట్టేటప్పుడే సాగుతుంది. లైనింగ్ కట్ చేసిన వెంటనే మెడ అంచు వెంట ఒక వరస కుట్టేయండి. పైపింగ్‌ని కొంచెం బిగువుగా పట్టి కుట్టండి, మెడ గుడ్డని మాత్రం లాగకూడదు. ఎంత బాగా కట్ చేసినా ఇక్కడ అర అంగుళం సాగిందంటే మళ్ళీ మొదటికే వస్తాం. లైనింగ్‌ని ముందు రోజే నీళ్ళలో తడిపి ఆరేయండి. ఉతికాక అది ముడుచుకుంటే పై గుడ్డ బుడగలా నిలుస్తుంది.

నెల్లూరు కొత్త చెయ్యి: ముందు చంక దగ్గర లేస్తున్నది కూడా దీనివల్లేనా?

ఒంగోలు కత్తెర: తేల్చుకోవడానికి ఒక పని చెయ్యండి. ఆవిడకి జాకెట్టు తొడిగి, భుజం నుంచి రెండు మూడు అంగుళాలు కిందకి, వెనక మెడ అంచులు రెండింటినీ ఒక టేపు ముక్కతో దగ్గరికి తెచ్చి పిన్ను పెట్టండి. ముందు చంక సర్దుకుందంటే తప్పు వెనక మెడదే. వెనక బిగించినా ముందు చంక లేచే ఉందంటే అది డాట్ల తప్పు.

డాట్ల తప్పయితే, లేచిన గుడ్డని చంక అంచు దగ్గర వేళ్ళతో పట్టి, ఛాతీ పాయింటు వైపు సన్నంగా పిన్ను చెయ్యండి. వేళ్ళలోకి వచ్చిన మొత్తం గుడ్డే చంక డాట్‌లోకి పోవాలి. మామూలుగా అర అంగుళం ఉంటుంది, అంటే మడత మీద పావు. ఈ డాట్ పాయింటుకి ఒక అంగుళం ముందే ఆగాలి. పాయింటు దాకా కుడితే అక్కడ మొన తేలుతుంది.

డాట్ వేశాక ముందు చంక చుట్టు అర అంగుళం తగ్గిపోతుంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. చంక చుట్టు 16 కావాలంటే వెనక 8, ముందు డాట్ కుట్టాక 8 రావాలి. అంటే ముందు ముక్క 8.5 కట్ చెయ్యాలి. చెయ్యి అతికించే ముందు డాట్లు కుట్టేసి, కుట్టు గీత మీద టేపుని నిలువుగా నిలబెట్టి కొలవండి.

దర్శి బాబిన్: ఒక మాట అడ్డం. పట్టీ అర అంగుళం జరిపితే వెనక చంక గీత నడిమి కూడా పావు లోపలికి రావాలి. కాగితం మీద మెడ అడుగున పిన్ను గుచ్చి పై భాగాన్ని తిప్పి చూడండి. భుజం దగ్గర అర, మధ్యలో దాదాపు పావు, అడుగున సున్నా జరుగుతుంది. భుజం ఒక్కటే జరిపి చంక పాత గీతలోనే ఉంచితే వెనక చంక దగ్గర గుడ్డ మిగిలి, చెయ్యి వెనకాల నిలువు మడత పడుతుంది.

ఒంగోలు కత్తెర: వీపు సన్నగా ఉన్నవాళ్ళకి మీరు చెప్పింది సరే. వీపు వెడల్పున్న మనిషికి ఆ పావు కోశారంటే చెయ్యి ముందుకి చాచినప్పుడు కుట్టు పట్టేస్తుంది. నేను చంక నడిమి 6.5 దగ్గర ముట్టుకోను, తొడిగాక అవసరమైతే తీస్తాను. కోసింది మళ్ళీ అతకదు కదా.

దర్శి బాబిన్: తొడిగి చూసే వీలు అందరికీ ఎక్కడుంది? ఆది జాకెట్టు ఒకటి ఇచ్చి పెళ్ళి నాడు తీసుకెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఆ ఆది జాకెట్టు మెడ 7 ఉండి, అడిగింది 10 అయితే, నేను మాత్రం పావు తీసే కుడతాను. పక్క కుట్టులో అంగుళంన్నర వదులుతాను కాబట్టి ఛాతీ దగ్గర పట్టేస్తే విప్పుకోవచ్చు.

ఒంగోలు కత్తెర: పక్క కుట్టు విప్పితే ఛాతీ వదులవుతుంది, వీపు వెడల్పు పెరగదు. నేను ఒప్పుకోను.

నెల్లూరు కొత్త చెయ్యి: టేపు పెట్టి చూశాను. భుజాలు నిలబడ్డాయి. ముందు చంక సగం తగ్గింది, కొంచెం ఇంకా లేస్తోంది.

ఒంగోలు కత్తెర: అయితే రెండు తప్పులూ ఉన్నాయి. ముందు వెనక మెడ సరిచెయ్యండి, ఆ తర్వాతే చంకని మళ్ళీ పిన్ను చేసి చూడండి. ఇప్పుడే డాట్ వేస్తే ఎక్కువ పోతుంది. కోసేసిన జాకెట్టు కాబట్టి పట్టీ జరపడం కుదరదు. భుజం కుట్టు విప్పి, మెడ వైపు సన్నటి ముక్క అతికి పైపింగ్‌లో దాచండి. చెయ్యి వైపు మిగిలిన అర అంగుళం అప్పుడు కొయ్యండి.