కుక్కర్ ఎందుకు కూస్తుంది? మామ్మా మనవరాలి కథకు మీ అనుభవాలు కావాలి

రాజాం అమ్మాయి

అందరికీ నమస్కారం. మా పాప చదివే బడిలో పిల్లలు గోడ పత్రిక పెడుతున్నారు. దానికోసం మా ఇంట్లో జరిగినదే చిన్న కథగా రాస్తున్నాను. ఇంతవరకు ఇలా వచ్చింది:

"మామ్మ పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. స్టవ్ మీద కందిపప్పు. కుక్కర్ ఒక్కసారి 'స్స్‌స్' మని కూసింది. చిన్ని ఉలిక్కిపడి, 'మామ్మా, ఇదెందుకు కూస్తుంది?' అని అడిగింది.

'లోపల ఆవిరి ఎక్కువైపోతే బయటకి పోతానంటాది తల్లీ.'

'మరి పోతానంటే పోతూనే ఉండాలి కదా? కూసి ఎందుకు ఆగిపోతుంది?'

మామ్మ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. 'మా చిన్నప్పుడు కట్టెల పొయ్యి మీద అన్నం కుండకి మూత పెడితే టపటపా ఎగిరేది. అదీ ఇదీ ఒకటేనేటి?' అంది.

మర్నాడు మళ్లీ పప్పు పెట్టి ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. మొదటి కూత రావడానికి 9 నిమిషాలు పట్టింది. రెండోది ఒక నిమిషం దాటగానే వచ్చేసింది. మామ్మ మంట తగ్గించింది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా కూత లేదు. 'పప్పు ఉడకడం ఆగిపోనాదేటి?' అని మామ్మకి అనుమానం వచ్చింది."

ఇక్కడ నా కలం ఆగింది. ఆ అనుమానం నాకూ ఉంది. పిల్లలు చదివేది కాబట్టి తప్పు రాయకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఉలవచారు ఇల్లు

చాలా బాగుంది అక్కా. మామ్మ చెప్పినది నిజమే, అది ఆవిరి పనే. ఒక్కో కూతకీ లోపల ప్రెషర్ ఇంకొంచెం పెరుగుతుంది. అందుకే అన్నానికి మూడు, పప్పుకి ఐదు, ఉలవలకి పది పెడతాం. కూత ఆగిందంటే ప్రెషర్ దిగిపోయినట్టే. మంట తగ్గించకూడదని రాయండి.

విశ్రాంత మాస్టారు, విజయనగరం

ఉలవచారు ఇల్లు గారూ, ఉలవలు ఎక్కువసేపు ఉడకాలన్న మాట సరైనదే. కూతకి కూతకి ప్రెషర్ పెరుగుతుందన్నది మాత్రం కాదు. పెరగకుండా ఆపడానికే ఆ విజిల్ ఉంది.

మూత మీద ఉన్న సన్న గొట్టాన్ని చూడండి. దాని మీద కూర్చునేది ఒక బరువు, అంతే. మా ఇంటి కుక్కర్‌లో ఆ గొట్టం రంధ్రం అడ్డంగా 3.3 మిల్లీమీటర్లు ఉంది, అంటే దాని వైశాల్యం దాదాపు ఎనిమిదిన్నర చదరపు మిల్లీమీటర్లు. మన కుక్కర్లు మామూలుగా చదరపు సెంటీమీటరుకు 1 కిలో ప్రెషర్ దగ్గర పనిచేసేలా చేస్తారు. చదరపు మిల్లీమీటరుకు లెక్క వేస్తే 10 గ్రాములు. ఎనిమిదిన్నరకి 85 గ్రాములు. విజిల్ తీసి వంటింటి త్రాసు మీద పెడితే 86 చూపించింది. ఇంత చిన్న లెక్క అంత దగ్గరగా కలిస్తే ఈ వయసులోనూ నాకు సంతోషంగానే ఉంటుంది.

ఆవిరి ఆ 85 గ్రాముల్ని ఎత్తగలిగేంతవరకు కూత రాదు. ఎత్తగలిగాక అంతకు మించిన ఆవిరి బయటకు పోతుంది. కాబట్టి పది కూతలు పెట్టినా లోపల ప్రెషర్ అదే, వేడి కూడా దాదాపు అదే 120 డిగ్రీలు. మూత లేని గిన్నెలో నీళ్లు 100 దగ్గరే ఆగిపోతాయి. పప్పు త్వరగా ఉడకడానికి కారణం ఆ అదనపు 20 డిగ్రీలు.

ఇక చిన్ని అడిగినది, కూసి ఎందుకు ఆగుతుందని. అదే అసలైన ప్రశ్న. విజిల్ కిందికి కూర్చుని ఉన్నప్పుడు ఆవిరి దాన్ని ఆ సన్న రంధ్రం మేరకే తోస్తుంది. ఒక్కసారి కాస్త లేచిందంటే విజిల్ అడుగు భాగం మొత్తానికి ఆవిరి తగులుతుంది. తోపు పెరుగుతుంది, అందుకే అది మెల్లగా లేవకుండా ఎగిరినట్టు లేస్తుంది. ఆవిరి గుప్పున పోయి లోపల ప్రెషర్ కొంచెం దిగాక, బరువు మళ్లీ కూర్చుంటుంది. మళ్లీ నిండాలి, మళ్లీ లేవాలి. మామ్మ చూసిన కుండ మూత కూడా ఇదే పని చేసింది. ఆ మూత బిగుతుగా ఉండదు కాబట్టి ప్రెషర్ నిలవలేదు.

రాజాం అమ్మాయి

మాస్టారూ, నమస్కారాలు. మరి మంట తగ్గించాక కూత రాకపోతే ఉడుకుతున్నట్టా, లేనట్టా?

విశ్రాంత మాస్టారు, విజయనగరం

ఉడుకుతున్నట్టే అమ్మా, మంట మరీ ఆరిపోయినంత సన్నగా లేకపోతే. గిన్నె గోడల నుంచి ఎంత వేడి బయటకు పోతుందో, మంట అంత వేడి ఇస్తే చాలు, ప్రెషర్ నిలబడి ఉంటుంది. అంతకు మించి ఇచ్చిన వేడే కూతగా బయటకు పోతుంది. విజిల్ దగ్గర సన్నగా 'సుయ్' మంటున్నా, మధ్యలో ఎప్పుడో ఒక కూత వచ్చినా ప్రెషర్ ఉందని గుర్తు. మొదటి కూతకి 9 నిమిషాలు పట్టింది ఎందుకంటే అప్పటివరకు చల్లటి నీళ్లు, పప్పు, గిన్నె అన్నీ వేడెక్కాలి. తర్వాతి కూతకి కావలసింది కొంచెం ఆవిరే.

పలాస వంటిల్లు

మా కుక్కర్ అసలు కూయడమే లేదండి. వారం నుంచి టెన్షన్. మూత చుట్టూ నీళ్లు కారతాయి, స్టవ్ అంతా పప్పు. నిన్న మా ఆయన విజిల్ ఇరుక్కుందేమోనని గరిటెతో కొట్టారు, వేడి ఆవిరి చేతి మీదికి వచ్చింది. బొబ్బ చిన్నదే. కొత్త విజిల్ కొనాలా?

స్టీలు సామాను, నరసన్నపేట

అమ్మా, కుక్కర్ స్టవ్ మీద ఉన్నప్పుడు విజిల్‌ని కొట్టడం, ఎత్తడం చేయకండి. ముందు మంట ఆర్పి, అది తనంతట తాను చల్లబడేదాకా ఆగండి.

కొత్త విజిల్ తర్వాత కొందాం. మా షాపుకి "కూత లేదు" అని వచ్చేవాటిలో నేను ముందు రెండు చూస్తాను. మూత తీసి గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి చూస్తే గుండ్రంగా వెలుగు కనబడాలి. కందిపప్పు నురగ, పొట్టు అందులో ఎండి గట్టిపడిపోతుంది. నానబెట్టి సన్నటి పుల్లతో పొడిచి కడగాలి. గొట్టం మూసుకుపోతే ఆవిరి విజిల్ దాకా రాదు, కుక్కర్ కూయదు. లోపల మాత్రం ప్రెషర్ పెరిగిపోతూ ఉంటుంది. అందుకే నాకు దాని గురించే ఎక్కువ భయం.

మీరు చెప్పినట్టు మూత చుట్టూ కారుతుంటే గాస్కెట్ పని అయిపోయినట్టు. వేలితో వంచి చూడండి. గట్టిగా అయిపోయినా, సన్న పగుళ్లు కనబడినా, సాగి వదులైనా మార్చేయాలి. మీ కుక్కర్ కంపెనీది, అదే లీటర్లది తీసుకోండి. పక్కన పోయే ఆవిరి విజిల్‌ని ఎత్తదు. నీళ్లు మాత్రం అయిపోతాయి.

నీళ్లు అయిపోతే ఇంకో తంటా. నీళ్లు ఉన్నంతసేపు వేడి 120 దగ్గర ఉంటుంది, ఇంకిపోతే పైకి పోతుంది. అప్పుడు మూత మీద ఉన్న సేఫ్టీ వాల్వులోని మెత్తటి లోహం కరిగి దారి ఇచ్చేస్తుంది. ఒకాయన ఆ కన్నానికి బోల్టు బిగించి తెచ్చారు. నేను ఆ మూత తిరిగి ఇవ్వలేదు, వాల్వు మార్చాకే ఇచ్చాను.

పలాస వంటిల్లు

గొట్టంలో వెలుగు కనబడిందండి. గాస్కెట్ మాత్రం చెక్కలా ఉంది. రేపు తెప్పిస్తాం.

కొండ మీద టీచర్

నేను శ్రీకాకుళం పిల్లనే, అరకులో పనిచేస్తున్నాను. ఇక్కడ పప్పుకి మా ఇంట్లో కంటే రెండు మూడు కూతలు ఎక్కువ పెట్టాలి. కొండ మీద నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా, అదేనా కారణం?

విశ్రాంత మాస్టారు, విజయనగరం

కొంతవరకే అమ్మా. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 దగ్గర మరుగుతాయి. కుక్కర్‌లో మాత్రం విజిల్ బరువు అదే కాబట్టి తేడా ఒకటిన్నర, రెండు డిగ్రీలే వస్తుంది. దానికి మూడు కూతలు పెరగాలంటే నాకు నమ్మకం కుదరడం లేదు. మీ పప్పు పాతదా? నీళ్లు బోరువా? పాత పప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు రెండూ ఉడకడాన్ని ఆలస్యం చేస్తాయి.

కొండ మీద టీచర్

పప్పు అమ్మ పంపినదే, ఇంట్లో వండేదీ అదే డబ్బాలోది. నీళ్లు ఊట నీళ్లు. స్టవ్ మాత్రం వేరు, మంట బాగా పెద్దది.

ఉలవచారు ఇల్లు

మంట పెద్దదైతే కూతలు గబగబా వస్తాయి. అంటే మూడు కూతలు ఎక్కువైనా నిమిషాలు ఎక్కువ కాకపోవచ్చు. మాస్టారు చెప్పాక నాకిప్పుడు అలా అనిపిస్తోంది.

కొండ మీద టీచర్

అది ఆలోచించలేదు. ఈసారి గడియారం పెట్టుకుని చూస్తాను.

రాజాం అమ్మాయి

ఆదివారం మేము కూడా గడియారం పెట్టి చూశాం. రెండు పూటలా ఒక గ్లాసు కందిపప్పు, అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లతో. రెండుసార్లూ గొట్టం నుంచి ఆవిరి ధారగా వచ్చాకే విజిల్ పెట్టాను. గొట్టం తెరిచి ఉందని అప్పుడే తెలిసిపోతుంది.

పొద్దున్న పెద్ద మంట మీదే ఉంచాం. మొదటి కూత తర్వాత ఏడు నిమిషాల్లో ఇంకో ఆరు కూతలు వచ్చాయి. సాయంత్రం మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి ఎనిమిది నిమిషాలు ఉంచాం. ఒకే ఒక్క కూత. రెండుసార్లూ మూత దానంతట అది వదులయ్యేదాకా ఆగాం. పప్పు రెండుసార్లూ వేళ్ల మధ్య ఒకేలా నలిగింది. పొద్దున్నదానిలో నీళ్లు బాగా తగ్గిపోయి పప్పు గట్టిగా ఉంది, సాయంత్రం పైన తేటగా నీళ్లు నిలిచాయి. మామ్మ ఆ నీళ్లు వంచి చారు పెట్టింది.

కథలో ఇలా కలిపాను: "'అయితే కూతలు లెక్కపెట్టి ఇన్నాళ్లూ మంటనే కొలిచామన్నమాట' అంది మామ్మ. 'ఇక గడియారం చూద్దాం' అంది చిన్ని."

విశ్రాంత మాస్టారు, విజయనగరం

మామ్మ మాట చాలా బాగుంది. పిల్లలకు ఇంకొకటి చెప్పవచ్చు. 1679లో లండన్‌లో డెనీ పాపిన్ అనే ఫ్రాన్స్ దేశస్థుడు ఇలాంటి బిగుతు మూత పాత్ర చేశాడు. అది పగిలిపోకుండా దానికి బరువు కట్టిన వాల్వు అమర్చాడు. మన విజిల్ చేసే పనీ అదే. కూతలు లెక్కపెట్టుకోవడం మన ఇళ్లలో వచ్చిన అలవాటు.

రాజాం అమ్మాయి

మాస్టారూ, చిన్నిది ఇంకో ప్రశ్న మిగిలింది. మా కుక్కర్ సన్నగా కూస్తుంది, పక్కింటిది బొంగురుగా కూస్తుంది. మామ్మ వసారాలో కూర్చునే ఎవరింట్లో వంట అవుతోందో చెప్పేస్తుంది. ఎందుకలా?

స్టీలు సామాను, నరసన్నపేట

విజిల్ లోపల కన్నాలు ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయమ్మా. అరిగిపోయినది కూడా గొంతు మారుస్తుంది. నేనూ షాపులో చెవితోనే గుర్తుపడతాను.

విశ్రాంత మాస్టారు, విజయనగరం

సన్న సందులోంచి ఆవిరి వేగంగా వచ్చి అంచులకు తగిలి గాలిని వణికిస్తుంది, అంతవరకు చెప్పగలను. కానీ ఒకే కంపెనీవి, ఒకే రకం విజిళ్లు రెండు మా ఇంట్లో ఉన్నాయి, వాటికీ గొంతులు వేరు. రేపు ఒకదాని మూత మీద ఇంకొకటి మార్చి పెట్టి వింటాను. మామ్మగారిని కూడా అలా మార్చి వినమనండి.