గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రాదు: ముందు ఏది చూడాలి?

మలికిపురం నుంచి కువైట్ వచ్చిన తమ్ముడు:
అక్కలకు, బాబాయిలకు నమస్కారం. వచ్చి నాలుగు రోజులయింది. బ్యాంకు ఓటీపీల కోసం మన ఊరి సిమ్ తీయకుండా, ఇక్కడి సిమ్ రెండో స్లాట్‌లో వేశాను. రెండింటికీ గీతలు నిండుగా ఉన్నాయి. గదిలో వైఫై ఉంది, గుమ్మం దాటితే ఏదీ తెరుచుకోదు. అమ్మ ఫోన్ కోసం ఎదురుచూస్తోంది.

సెలవు మీద అంతర్వేదిలో ఉన్న బాబాయి:
అది టవర్ మీద రద్దీ, బాబూ. ఇక్కడ స్వామివారి కల్యాణం రోజున గీతలన్నీ ఉంటాయి, ఒక్క ఫొటో కూడా వెళ్ళదు. జనం తగ్గాక అదే వస్తుంది.

అంబాజీపేట పిన్ని:
మాకూ ఇంతే అయింది. రౌటర్ మార్చాక బాగుపడింది.

రావులపాలెం అక్క, మొబైల్ నెట్‌వర్క్ పనిలో ఉన్నది:
పిన్నీ, తమ్ముడికి వైఫై బాగానే ఉంది. బాబాయి చెప్పిన రద్దీ నిజమే కానీ, అది వస్తూ పోతూ ఉంటుంది. నాలుగు రోజులు ఏ వేళలోనూ రాలేదంటే ముందు ఫోనునే చూడాలి.

టవర్ సంకేతం ఎంత బలంగా అందుతోందో గీతలు చెబుతాయి, అంతే. లంకలో నిలబడితే అవతలి రేవు కనబడుతుంది. పడవ ఉందో లేదో దాన్నిబట్టి తెలియదు.

తమ్ముడూ, వైఫై ఆపి, విమానం గుర్తును అర నిమిషం వేసి తీయి. ఫోను నెట్‌వర్క్‌లో మళ్ళీ నమోదవుతుంది. అప్పటికీ రాకపోతే సిమ్ సెట్టింగుల్లో మొబైల్ డేటా ఏ సిమ్ మీద ఉందో చూడు. రెండో సిమ్ వేసినా డేటా పాత సిమ్ మీదే ఉండిపోవడం మామూలే. ఆ సిమ్ అక్కడి నెట్‌వర్క్‌ను పట్టుకుని గీతలు చూపిస్తుంది, కానీ రోమింగ్ డేటా ఆపి ఉంటే నెట్ ఇవ్వదు. అలాగని రోమింగ్ డేటా వేయకు, ప్యాక్ లేకపోతే డబ్బు పోతుంది. ఓటీపీ మెసేజ్‌కు డేటా అక్కర్లేదు.

డేటా సిమ్ సరిగ్గానే ఉంటే ప్యాక్ మొదలైందో లేదో చూడు. ఏపీఎన్ అంటే ఫోను ఏ దారిన నెట్‌కు చేరాలో చెప్పే సెట్టింగు, దాని సంగతి ఆ తర్వాతే. అక్కడ కంపెనీ చెప్పిన పేరు అక్షరం తప్పకుండా ఉండాలి. ముందే దాన్ని కెలికితే అసలు తప్పు దొరకదు.

తమ్ముడు:
అక్కా, డేటా మన ఊరి సిమ్ మీదే ఉంది! ఇక్కడి సిమ్‌కు మార్చగానే గీతల పక్కన 4G పడింది, బస్టాప్ నుంచే అమ్మతో మాట్లాడాను. రాత్రి ఎనిమిదింటికి మా క్వార్టర్స్ దగ్గర మాత్రం మళ్ళీ ఏదీ తెరుచుకోక చక్రం తిరుగుతూనే ఉంది.

బాబాయి:
అదిగో, రద్దీ!

అక్క:
కావచ్చు బాబాయ్. తమ్ముడూ, తెల్లవారుజామున అదే చోట నిలబడి చూడు. అప్పుడూ రాకపోతే ఏపీఎన్ పేజీ ఫొటో పెట్టు.