యాంగిల్ కొసన స్ట్రెస్ 63 ఆ, 83 ఆ?

పుత్తూరు బీటెక్: 80×80×10 యాంగిల్, 2 మీటర్ల స్పాన్, రెండు చివర్లా మామూలు సపోర్టు. ఒక లెగ్ నిలువుగా పైకి, ఇంకోటి కింద అడ్డంగా. మధ్యలో చైన్ బ్లాకుకి 2 కిలోన్యూటన్ల మోటారు వేలాడుతోంది. M·y/I వేస్తే పై కొసన స్ట్రెస్ 63 మెగాపాస్కల్స్ వచ్చింది, ఆన్సర్ కీలో 83 ఉంది. మార్కులు కట్. ఏది కరెక్టు?

రేణిగుంట వెల్డింగ్: 63 ఏ. మేం వేసిన షెడ్లకి ఇట్లాంటి లెక్కలెవరూ వెయ్యలేదు, అన్నీ నిలబడే ఉన్నాయి.

తిరుచానూరు సివిల్: తమ్ముడూ, ఇరుసుల్ని 45 డిగ్రీలు తిప్పాలి. తిప్పితే పెద్ద I వస్తుంది, 141 సెం.మీ⁴. I పెరిగితే స్ట్రెస్ తగ్గాలి కదా, మరి 83 ఎట్లా వచ్చిందో నాకూ అర్థం కాలేదు.

చిత్తూరు స్ట్రక్చరల్: తిప్పడం వరకు మీరు చెప్పింది నిజం. సమాన లెగ్గుల యాంగిల్ కాబట్టి ప్రధాన ఇరుసుల్లో ఒకటి మూల నుంచి 45 డిగ్రీల్లో పోతుంది. దాని చుట్టూ 141.2, రెండోదాని చుట్టూ 36.7 మాత్రమే. రెండూ కూడితే Ixx, Iyy ల మొత్తం రావాలి, అంటే 178. వచ్చింది కాబట్టి ఇక్కడిదాకా తప్పు లేదు.

మీరు వదిలేసింది ఆ 36.7 నే. మొమెంటు 1 కిలోన్యూటన్ మీటరు. అది 45 డిగ్రీల్లో విడిపోయి రెండు ఇరుసుల మీదా సమానంగా 0.707 చొప్పున పడుతుంది. నిలువు లెగ్ కొసన లోపలి మూల బలమైన ఇరుసుకి 49.5 మి.మీ. దూరం, బలహీనమైనదానికి 30.2. మొదటిదాని వల్ల 24.8, రెండోదాని వల్ల 58.1. మొత్తం 82.9, కంప్రెషన్. దూరం తక్కువైనా రెండోదే ఎక్కువ ఇస్తోంది, I అంత చిన్నది కాబట్టి.

భాకరాపేట: కొసన ఏ మూల? లోపలిదా, బయటిదా?

చిత్తూరు స్ట్రక్చరల్: మంచి ప్రశ్న. బయటి మూలలో 72.8 వస్తుంది. చాలామంది దాన్నే రాసి ఆపేస్తారు. ఇంకో సంగతి చూడండి: కింది లెగ్ కొస, అట్టడుగున ఉన్నా, 16 కంప్రెషన్‌లో ఉంటుంది. M·y/I ప్రకారం అక్కడ 26.6 టెన్షన్ రావాలి. గుర్తే తిరగబడింది. మీ జవాబులో అడుగంతా టెన్షనే ఉంటే Ixy ని వదిలేశారన్నమాట.

రేణిగుంట వెల్డింగ్: కాగితం మీద ఏదైనా వస్తుంది సార్. మామిడి గుజ్జు యూనిట్ ఒకదానికి పైకప్పు రేకు కింద యాంగిల్ పర్లిన్లు వేస్తే, ఒక కన్సల్టెంటు ఇదే మాట చెప్పి సైజు మార్పించాడు. తేడా డబ్బు నా బిల్లులో కోశారు. ఆ పక్క షెడ్డులో పాత సైజే ఉంది, వంగనే లేదు.

చిత్తూరు స్ట్రక్చరల్: మీ బిల్లు గొడవకీ, ఈ అబ్బాయి లెక్కకీ సంబంధమేంటి? ఇక్కడ యాంగిల్‌ని పట్టి ఉంచే రేకే లేదు!

రేణిగుంట వెల్డింగ్: లేదంటే? రేకు లేకుండా యాంగిల్ ఎవరు వేస్తారు? చేత్తో యాంగిల్ ఎత్తినోడికి తెలుస్తుంది.

చిత్తూరు స్ట్రక్చరల్: చైన్ బ్లాకు వేలాడేది ఉత్త యాంగిల్‌కి. అదే అసలు తేడా, ఇప్పుడు బయటపడింది. పక్కకి వంగకుండా పట్టుకునేది ఉంటే మీ 63 ఏ నిజం, నేను కాదనను. ఏమీ లేకపోతే ఈ యాంగిల్ మధ్యలో 2.9 మి.మీ. కిందికి దిగుతూ, నిలువు లెగ్ వీపు వైపు 1.7 మి.మీ. జరుగుతుంది. ఆ జరగడాన్ని ఆపితేనే బలహీనమైన ఇరుసు మీద పడే భారం తగ్గుతుంది. ఇంకోటి, బరువు రెండు లెగ్గులు కలిసే చోటి గుండా వేలాడాలి. అడ్డం లెగ్ కొసకి హుక్ తగిలిస్తే యాంగిల్ మెలితిరుగుతుంది, అప్పుడు 83 కూడా చాలదు.

పుత్తూరు బీటెక్: అంటే సార్, ప్రశ్నలో "పక్కకి పట్టు ఉంది" అని రాయకపోతే లేనట్టేనా?

చిత్తూరు స్ట్రక్చరల్: అంతే. లెగ్గులు అసమానమైతే 45 కూడా ఉండదు, Ixy గుర్తు చూసుకుని కోణం కట్టాలి.

తిరుచానూరు సివిల్: రేకు పట్టు అంటున్నారు గానీ, జె-హుక్కులు వదులైతే అది పట్టా? స్క్రూ బిగింపు వేరు, హుక్కు వేరు.

రేణిగుంట వెల్డింగ్: బిగిస్తే బిగుస్తుంది. మా పని ఊగదు.

చిత్తూరు స్ట్రక్చరల్: ఊగదన్నది మీ నమ్మకం. యాంగిల్ పక్కన దారం లాగి కట్టి, బరువు పెట్టి, మధ్యలో పక్కకి ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. ఏమీ జరక్కపోతే 63 దగ్గరే ఉన్నట్టు. కొంత జరిగితే 63 కీ 83 కీ మధ్యలో ఎక్కడో. హుక్కులున్న రేకుని నేనైతే పూర్తి పట్టుగా లెక్కించను.

రేణిగుంట వెల్డింగ్: నేను లెక్కిస్తా. దారం కట్టి చూసే చెప్తా.