బొమ్మలో E, F అలుక్కుపోయాయి, ప్రశ్న కూడా లేదు: ఈ ఉపపత్తి ఎలా దిద్దాలి?

అడిగినవారు (ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతాను, ఖమ్మం)

నమస్కారం అండి. నా దగ్గర చదివే తొమ్మిదో తరగతి అమ్మాయి రాత్రి ఒక జవాబును ఫొటో తీసి పంపింది. పైన ప్రశ్న రాయలేదో, ఫొటోలో తెగిపోయిందో తెలియదు. బొమ్మ పెన్సిల్‌తో వేసింది. చెయ్యి రాసుకుని A, B, C తప్ప మిగతా రెండు అక్షరాలూ మసకబారాయి. అవి E, F అని మాత్రం తెలుస్తోంది, ఏది ఎక్కడో తెలియడం లేదు. రాతలోనూ అంతే, E కింది గీత చెరిగిందంటే F లాగే ఉంటుంది కదా. B నుంచి AC మీదికి ఒక గీత, C నుంచి AB మీదికి ఒక గీత ఉన్నాయి, రెండు చోట్లా లంబకోణం గుర్తు ఉంది. చదవలేని చోట ? పెట్టి, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

```
∠B?C = ∠C?B = 90°
BC = CB
B? = C?
ΔB?C ≅ ΔB?C   (లం.క.భు.)
∠B = ∠C
AB = AC
```

పొద్దున్నే స్కూల్లో ఇవ్వాలట, చాలా టెన్షన్ పడుతోంది. ఏది తప్పని చెప్పాలి, ఏది వదిలేయాలి?

బీఎడ్ చదువుతున్న అబ్బాయి

మేడమ్, ఇది ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి త్రిభుజాల అధ్యాయంలోదే. రెండు ఉన్నతులు సమానమైతే అది సమద్విబాహు త్రిభుజమని చూపాలి. పుస్తకంలో AC మీద E, AB మీద F ఉంటాయి. కాబట్టి మూడో లైన్ BE = CF. BC రెండింటికీ కర్ణం. లం.క.భు. సరిపోయింది. ఫుల్ మార్కులు వేసేయండి.

హైస్కూల్ లెక్కల మాస్టారు

బాబూ, అధ్యాయం సరిగ్గానే పట్టుకున్నావు. కానీ అదే అధ్యాయంలో ఇదే బొమ్మతో దీనికి తిరగేసిన లెక్క కూడా ఉంది: AB = AC అని ఇచ్చి, ఉన్నతులు సమానమని చూపమంటారు. అడిగింది అదైతే ఈ పిల్ల మూడో లైన్‌లో సారాంశాన్నే వాడేసి, చివర్లో దత్తాంశాన్ని రుజువు చేసినట్టవుతుంది. ఒక్క అక్షరం మారకుండానే జవాబు మొత్తం పోతుంది. చివరి లైన్ AB = AC కాబట్టి మొదటి లెక్కే అయ్యుంటుందని నాకూ అనిపిస్తోంది. కానీ అది అనుమానమే, దాని మీద మార్కులు వేయలేం.

మేడమ్ గారూ, ముందు ఒక పని చేయండి. ప్రతి లైనునూ E, F ఇటూ అటూ మార్చి చదవండి. రెండు రకాలుగా చదివినా తప్పే అయితే దాన్ని ఈ రాత్రికే దిద్దవచ్చు. ఒక రకంగా ఒప్పు, ఇంకో రకంగా తప్పు అయితే ఎర్ర పెన్ను పెట్టకండి, పిల్లనే అడగండి.

మొదటి లైన్ ఎలా చదివినా ఒప్పే, రెండు చోట్లా లంబకోణాలే కదా. నాలుగో లైన్ ఎలా చదివినా తప్పు. ఎడమ వైపూ కుడి వైపూ B ముందు, C చివర ఉన్నాయి. అంటే B కి B, C కి C జత అని రాసినట్టు. నిజానికి B కి జత C. శీర్షకోణం 40° ఉన్న సమద్విబాహు త్రిభుజం తీసుకోండి, భూకోణాలు 70° చొప్పున వస్తాయి. AB మీద లంబపాదం ఉన్న త్రిభుజంలో B దగ్గర కోణం 70°, AC మీద లంబపాదం ఉన్న దానిలో B దగ్గర కోణం 20°. ఆ పిల్ల రాసిన వరుస ప్రకారం 20, 70 సమానం కావాలి. రెండో త్రిభుజాన్ని C తో మొదలుపెట్టి B తో ముగిస్తే 70 కి 70 జత అవుతుంది, ఐదో లైన్ కూడా అక్కడి నుంచే వస్తుంది. E ఎక్కడుందో తెలియకుండానే ఇది దిద్దవచ్చు.

చిక్కంతా మూడో లైన్‌లోనే. అది రెండు ఉన్నతులు సమానమని చెప్పవచ్చు, లేదా భుజాల మీది ముక్కలు, అంటే B నుంచి AB మీది లంబపాదం దాకా, C నుంచి AC మీది లంబపాదం దాకా ఉన్నవి సమానమని చెప్పవచ్చు. ఎలా తీసుకున్నా లం.క.భు. పనిచేస్తుంది, అందుకే మన అబ్బాయికి అంతా సరిగ్గా కనిపించింది. కానీ ప్రశ్నలో ఇచ్చింది ఉన్నతులైతే, ముక్కలు సమానమని ఊరికే రాయడం కుదరదు. పైథాగరస్ సిద్ధాంతంతో వస్తుంది, ఆ మెట్టు రాసి ఉండాలి.

పదో తరగతి అబ్బాయి వాళ్ల అమ్మ

మా వాడికి బొమ్మ స్కేలుతో గీయలేదని మార్కులు తీసేశారండి. దీనికీ అలాగే తీసేస్తారా? బొమ్మ ఫెయిర్‌గా మళ్లీ వేసి పంపమంటే సరిపోదా?

హైస్కూల్ లెక్కల మాస్టారు

అమ్మా, మీ వాడిది గీత సంగతి, ఇది పేర్ల సంగతి. మళ్లీ వేసి పంపమంటే మాత్రం అసలు సాక్ష్యమే పోతుంది. పుస్తకం తెరిచి చూసి సరైన బొమ్మ వేస్తుంది, అప్పుడు తను నిజంగా ఏమనుకుని రాసిందో మనకు తెలియదు. అదే పేజీని ముట్టుకోకుండా ఇంకో ఫొటో తీయమనాలి. కాగితాన్ని చదునుగా పెట్టి, ఫ్లాష్ ఆపి, ట్యూబ్‌లైట్ పక్క నుంచి పడేలా తీయమనండి. పేజీ నాలుగు అంచులూ పడాలి. స్కాన్ యాప్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ పెడితే పలచటి పెన్సిల్ గీత పూర్తిగా మాయమవుతుంది, మరక మాత్రం నల్లగా మిగులుతుంది. రంగుల్లోనే తీసి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫొటోగా పంపితే కుదించేస్తుంది.

ఫొటో వచ్చాక సమాన భుజాల మీద పెట్టే చిన్న అడ్డగీతలు ఎక్కడున్నాయో చూడండి. ఉన్నతుల మీద ఉంటే ఒక సూచన, AB, AC ల మీద ఉంటే ఇంకో సూచన. కాకపోతే కొందరు పిల్లలు రుజువయ్యాక కూడా ఆ గీతలు పెడతారు.

అడిగేటప్పుడు "ఇది BE కదా?" అనకండి, "అవును మేడమ్" అనేస్తారు. "AC మీద ఉన్న బిందువు పేరేమిటి? మూడో లైన్ నీకు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. ఈ రెండు చాలు.

అడిగినవారు

అడిగాను మాస్టారూ. AC మీద E అట. మూడో లైన్ BE = CF, "ప్రశ్నలో ఇచ్చారు" అంది. స్కూల్లో బోర్డు మీద రాసిన ప్రశ్న కాబట్టి పూర్తి వాక్యం తన దగ్గర లేదట. కొత్త ఫొటోలో BE, CF ల మీద అడ్డగీతలు పలచగా కనిపిస్తున్నాయి.

హైస్కూల్ లెక్కల మాస్టారు

అయితే జవాబు పైన దత్తాంశం BE = CF, సారాంశం AB = AC అని తననే రాయమనండి. మీరు దిద్దినదాని పక్కన "ఉన్నతులు సమానమని ఇచ్చారన్న లెక్కతో దిద్దాను" అని రాయండి. నాలుగో లైన్ ΔBEC ≅ ΔCFB అని మార్పించండి. ఐదో లైన్‌కి పక్కన కారణం లేదు, సర్వసమాన త్రిభుజాల్లో జత కోణాలని రాయమనండి. ఆరో లైన్‌కి, సమాన కోణాలకు ఎదురుగా ఉన్న భుజాలు సమానమని.

బీఎడ్ చదువుతున్న అబ్బాయి

తిరగేసిన లెక్క సంగతి నాకు తట్టలేదు సార్. కానీ అక్షరాల వరుసకి మార్కు తీయడం ఎక్కువ అనిపిస్తోంది. ఐదో లైన్ సరిగ్గానే రాసింది కదా, జత తనకి తెలిసినట్టే.

హైస్కూల్ లెక్కల మాస్టారు

తెలిసి రాసిందో, చివర అదే రావాలని రాసిందో కాగితం చెప్పదు. నేనైతే అర మార్కు తీస్తాను. మా స్కూల్లోనే ఇంకో టీచర్ తీయరు, దీని మీద ప్రతిసారీ మా ఇద్దరికీ వాదనే.

అడిగినవారు

రేపు స్కూల్ నుంచి రాగానే ప్రశ్న పూర్తిగా రాసుకు రమ్మన్నాను. అది AB = AC ఇచ్చిన లెక్కే అయితే, ∠B = ∠C తో మొదలుపెట్టి మళ్లీ రాయిస్తాను.

హైస్కూల్ లెక్కల మాస్టారు

అప్పుడు లం.క.భు. వాడనివ్వకండి. రెండు కోణాలు, BC భుజం తీసుకుంటే ఉన్నతులు సమానమని వస్తాయి.